2,12,000 బిల్లుకు 1,13,760 వచ్చింది: ఒక తుంటి ఆపరేషన్ క్లెయిమ్ లెటర్ చదివిన తీరు

పేషెంటు రాజోలు వైపు పల్లెలో కొబ్బరి తోట ఉన్న రైతు. వయసు 66. వానల్లో కాలవ గట్టు మీద మోపెడ్ జారి పడితే తుంటి ఎముక విరిగింది. కాకినాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చి, విరిగిన భాగం తీసి బైపోలార్ ఇంప్లాంట్, అంటే లోహపు కృత్రిమ బంతి పెట్టారు. ఐదు రోజులు రూములో, ఒక రోజు ఐసీయూలో ఉన్నారు. ఆసుపత్రి బీమా కంపెనీ నెట్‌వర్క్‌లో ఉంది కాబట్టి క్యాష్‌లెస్ దొరికింది. బిల్లు మొత్తం 2,12,000 రూపాయలు. కంపెనీ ఇచ్చింది 1,13,760. డిశ్చార్జి రోజున కొడుకు 98,240 కట్టి తండ్రిని ఇంటికి తీసుకొచ్చాడు.

నేను అమలాపురంలో ఆరోగ్య బీమా పాలసీలు, క్లెయిముల పని చూస్తుంటాను. ఈ పాలసీ నా దగ్గర తీసుకున్నది కాదు. సెటిల్‌మెంట్ లెటర్ వచ్చాక, తెలిసినవాళ్లు చెబితే తండ్రీకొడుకులు ఇద్దరూ వచ్చారు. పెద్దాయన వాకర్ పట్టుకుని కూర్చుని ఒకటే మాట అడిగారు. "ఇరవై శాతం మనం పెట్టుకోవాలని పాలసీ ఇచ్చినప్పుడే చెప్పారు బాబూ, దానికి నేను ఒప్పుకున్నాను. మరి సగానికి సగం ఎందుకు పోయిందంటారు?"

కొడుకు లెక్క కూడా అదే. 2,12,000లో ఇరవై శాతం అంటే 42,400. అది పోగా 1,69,600 రావాలి. వచ్చిందేమో దానికి 55,840 తక్కువ. కంపెనీ మోసం చేసిందని అతనికి గట్టి నమ్మకం. మోసం కాదు గాని, లెటర్‌లో ఒక తప్పు మాత్రం ఉంది. అది కొడుకు అనుకున్న చోట లేదు.

ముందు నేను మూడు కాగితాలు అడుగుతాను: పాలసీ షెడ్యూలు, ఆసుపత్రి ఇచ్చిన వివరమైన ఫైనల్ బిల్లు, సెటిల్‌మెంట్ లెటర్. లెటర్ ఒక్కటే పట్టుకుని చూస్తే ఏమీ తేలదు. అందులో ఎంత కోశారో ఉంటుంది, ఒక ముక్క కారణం ఉంటుంది, అంతే. కోత సరైనదా కాదా అన్నది మిగతా రెండు కాగితాలు పక్కన పెట్టుకుంటేనే తెలుస్తుంది.

పాలసీ షెడ్యూలులో మనకు కావలసినవి మూడే. సమ్ ఇన్సూర్డ్, అంటే ఏడాదికి కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం, 3 లక్షలు. రూమ్ రెంట్ పరిమితి రోజుకు సమ్ ఇన్సూర్డ్‌లో 1 శాతం, అంటే 3,000. ఐసీయూకి 2 శాతం, అంటే 6,000. పెద్దాయన 61వ ఏట పాలసీలో చేరారు కాబట్టి ప్రతి క్లెయిమ్ మీదా 20 శాతం కో-పేమెంట్, అంటే మనం పెట్టుకోవాల్సిన వాటా. తీసుకున్న రూము ఏసీ సింగిల్, నర్సింగ్‌తో కలిపి రోజుకు 5,000. ఐసీయూ 6,000.

లెటర్‌లోని లెక్క ఇలా ఉంది:

| బిల్లు పద్దు | బిల్లు (రూ.) | కోత (రూ.) |
|---|---|---|
| రూము, నర్సింగ్ (5 రోజులు) | 25,000 | 10,000 |
| ఐసీయూ (1 రోజు) | 6,000 | 0 |
| సర్జరీ ఛార్జీలు | 1,30,000 | 52,000 |
| మందులు, కన్స్యూమబుల్స్ | 34,000 | 4,800 |
| ల్యాబ్, ఎక్స్‌రే, స్కానింగ్ | 14,000 | 0 |
| ఇతర ఛార్జీలు | 3,000 | 3,000 |
| మొత్తం | 2,12,000 | 69,800 |

69,800 తీసేస్తే అంగీకరించిన మొత్తం 1,42,200. దాని మీద 20 శాతం కో-పే 28,440. మిగిలింది 1,13,760.

కో-పే దగ్గర తప్పు లేదు

కొడుకు అనుమానమంతా కో-పే మీదే కాబట్టి అక్కడే మొదలుపెట్టాం. కో-పే శాతాన్ని ఆసుపత్రి బిల్లు మీద వేయకూడదు. మిగతా కోతలన్నీ అయ్యాక, కంపెనీ అంగీకరించిన మొత్తం మీదే వేయాలి. పాలసీలోని నిర్వచనం కూడా అదే చెబుతుంది. వరుస తారుమారైతే డబ్బు మారిపోతుంది. ముందు బిల్లు మీద 42,400 కో-పే తీసి, ఆ తర్వాత 69,800 కోసి ఉంటే చేతికి వచ్చేది 99,800 మాత్రమే. కంపెనీ ఎటూ ఇవ్వని డబ్బు మీద కూడా మనం ఇరవై శాతం కట్టినట్టు అయ్యేది. ఈ లెటర్‌లో వరుస సరిగ్గానే ఉంది.

లెటర్ అడుగున "బ్యాలెన్స్ సమ్ ఇన్సూర్డ్" అని ఒక లైను ఉంటుంది. దాన్ని చాలామంది చూడరు. కో-పే వల్ల సమ్ ఇన్సూర్డ్ తగ్గకూడదు. కంపెనీ చెల్లించినదే తగ్గాలి. 3,00,000 నుంచి 1,13,760 పోతే 1,86,240. అదీ సరిపోయింది. అదే ఏడాదిలో మళ్లీ ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే ఈ అంకె మీదే ఆధారపడాలి కాబట్టి, నేను చూసే ప్రతి లెటర్‌లోనూ ఆ తీసివేత చేతితో చేసి చూస్తాను.

రూము వల్ల పోయింది పదివేలేనా?

రూము దగ్గర 10,000 కోత కొడుక్కి అర్థమైంది. రోజుకు 3,000 ఇస్తారు, మనం 5,000 రూము తీసుకున్నాం, తేడా రెండు వేలు, ఐదు రోజులు. అడ్మిషన్ అప్పుడు అతను వేసుకున్న లెక్కా అదే. అమ్మ రాత్రుళ్లు అక్కడే ఉండాలి, ఉక్కపోత, పదివేలు పోతే పోనీ అనుకున్నాడు. ఆసుపత్రి డెస్క్ దగ్గరివాళ్లు కూడా "క్యాష్‌లెస్ ఉందిగా, తేడా కట్టుకుంటే చాలు" అన్నారట. ఆరోగ్యశ్రీ కింద పైసా కట్టకుండా ఆపరేషన్లు అయినవాళ్లను చుట్టూ చూసిన మనవాళ్లకి క్యాష్‌లెస్ అన్న మాట వింటే అలాగే అనిపిస్తుంది. అక్కడ జబ్బుకో ప్యాకేజీ ఉంటుంది. ఇక్కడ పద్దు పద్దుకీ లెక్క ఉంటుంది.

అతనికి అర్థం కానిది 52,000 కోత. దాని ఎదురుగా లెటర్‌లో రాసిన కారణం "రూమ్ రెంట్ ఎలిజిబిలిటీ ప్రకారం ప్రపోర్షనేట్ డిడక్షన్". తెలుగులో చెప్పుకోవాలంటే దామాషా కోత. చాలా ఆసుపత్రుల్లో రూము పెద్దదయ్యేకొద్దీ రూము అద్దెతో పాటు సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, థియేటర్ ఛార్జీ, విజిటింగ్ ఫీజు కూడా పెరుగుతాయి. అదే డాక్టరు, అదే ఆపరేషన్, కానీ రేటు వేరు. అందుకని కంపెనీ ఏం చేస్తుందంటే, మీకు అర్హత ఉన్న రూమునీ మీరు తీసుకున్న రూమునీ పోల్చి, అదే నిష్పత్తిలో ఆ ఫీజులన్నీ తగ్గిస్తుంది. ఇక్కడ 3,000ని 5,000తో భాగిస్తే 60 శాతం. అంటే ప్రతి నూరు రూపాయల్లో నలభై కోత.

అయితే ఈ కోత బిల్లులో ప్రతి లైనుకీ వర్తించదు. 2020లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఈ విషయం స్పష్టం చేసింది. దామాషా కోత "అసోసియేటెడ్ మెడికల్ ఎక్స్‌పెన్సెస్" అని పాలసీలో నిర్వచించిన ఖర్చుల మీదే వేయాలి. మందులు, కన్స్యూమబుల్స్ అనే వాడి పారేసే సరుకుల ఖరీదు, ఇంప్లాంట్లు, వైద్య పరికరాల ఖరీదు, పరీక్షల ఖర్చు ఆ నిర్వచనంలోకి రాకూడదు. ఐసీయూ ఛార్జీల మీద కూడా దామాషా కోత వేయకూడదు. రూమును బట్టి రేట్లు మార్చని ఆసుపత్రిలో అయితే ఈ కోతే పనికిరాదు. కారణం తేలికే: పారాసిటమాల్ గాని, ఎక్స్‌రే గాని, తుంటిలో పెట్టిన లోహపు బంతి గాని ఏసీ రూము తీసుకున్నంత మాత్రాన ఖరీదు పెరగవు.

ఇప్పుడు టేబుల్‌లోని సర్జరీ లైను మళ్లీ చూడండి. 52,000ని 1,30,000తో భాగిస్తే కచ్చితంగా 0.40 వస్తుంది. అంటే ఆ లైను మొత్తాన్నీ గుండుగుత్తగా నలభై శాతం కోశారు. లెటర్ నా చేతికి రాగానే నేను చేసే మొదటి పని ఈ భాగహారం. ప్రతి కోతనీ ఆ లైను మొత్తంతో భాగించాలి. రూము లైను కాకుండా ఇంకే లైనులో 0.40 వచ్చిందో అక్కడ దామాషా కోత పడినట్టు. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆ లైనులో ఏమేం కలిసి ఉన్నాయి?

ఆసుపత్రి ఫైనల్ బిల్లు మొదటి పేజీలో కూడా "సర్జరీ ఛార్జీలు 1,30,000" అనే ఉంది. విడమరచి లేదు. కానీ ఫైలు అడుగున ఇంప్లాంట్ సప్లై చేసిన డీలర్ ఇన్వాయిసు జిరాక్స్ ఉంది, 48,000 రూపాయలది. ఆపరేషన్ నోట్స్ ఉన్న పేజీలో ఇంప్లాంట్ పెట్టె మీద నుంచి తీసి అతికించిన స్టిక్కర్ ఉంది. దాని మీద సైజు, లాట్ నంబరు, సీరియల్ నంబరు. ఇన్వాయిసు మీదా అదే సీరియల్ నంబరు. అంటే సర్జన్, అసిస్టెంట్, మత్తు డాక్టరు, థియేటర్, విజిట్లు అన్నీ కలిపి 82,000, ఇంప్లాంట్ 48,000. ఆసుపత్రి బిల్లింగ్‌లో ఆ రెండూ కలిపి ఒకే పద్దు కింద వేశారు. కంపెనీలో క్లెయిమ్ చూసినవాళ్లు పద్దు పేరు చూసి మొత్తం కోసేశారు. పరీక్షల లైను విడిగా ఉంది కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. వాళ్లకి నియమం తెలుసు. ఇంప్లాంట్ లోపల ఉన్న సంగతే వాళ్ల కళ్ల పడలేదు.

నిజానికి కోయాల్సింది 82,000లో నలభై శాతం, అంటే 32,800. కోసింది 52,000. ఎక్కువ కోసిన 19,200 మీద మన వాటా ఇరవై శాతం తీసేస్తే, తిరిగి రావాల్సింది 15,360.

32,800 కూడా రాబట్టవచ్చా అని చూశాం. అందుకు ఆసుపత్రి టారిఫ్, అంటే రేట్ల పట్టిక కావాలి. రూమును బట్టి సర్జన్ ఫీజు మారదని ఆసుపత్రి రాసిస్తే ఆ కోత కూడా నిలబడదు. కొడుకు వెళ్లి టారిఫ్ షీటు తెచ్చాడు. ఇద్దరు ఉండే 3,000 రూముకి ఇవే ఫీజులన్నీ కలిపి 64,000, ఏసీ సింగిల్‌కి 82,000. తేడా ఉంది కాబట్టి అక్కడ వాదించడానికి ఏమీ మిగల్లేదు. 82,000లో 32,800 కోస్తే 49,200 మాత్రమే ఒప్పుకున్నట్టు, చిన్న రూములో ఉన్నా 64,000 అయ్యేది కదా అని కొడుకు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ పాలసీలో రాసింది రూము అద్దెల నిష్పత్తి గాని, డాక్టరు ఫీజుల నిష్పత్తి కాదు. ఆసుపత్రిలో ఫీజులు రూము అద్దె పెరిగినంత వేగంగా పెరగవు. పేషెంటు నష్టపోయేది ఆ సందులోనే.

గ్లౌజులు, ఫైలు, కిట్టు

మిగిలిన కోతలు నాన్-పేయబుల్ ఐటమ్స్, అంటే బీమా కంపెనీ డబ్బు ఇవ్వని వస్తువులు, ఛార్జీలు: మందుల్లో 4,800, ఇతర ఛార్జీల్లో 3,000. వీటిని చూడగానే "ఇవి ఎలాగూ రావు" అని అందరూ వదిలేస్తారు. వదిలేయకూడదు. ఈ వస్తువులకి పాలసీ పుస్తకం చివర నాలుగు లిస్టులు ఉంటాయి, వాటి మధ్య పెద్ద తేడా ఉంది.

లిస్టు 1లో ఉన్నవి మన జేబులోంచే పోతాయి: గ్లౌజులు, మాస్కు, డయపర్లు, ఈసీజీ ఎలక్ట్రోడ్లు, వాకర్ లాంటివి. కన్స్యూమబుల్స్ కవర్ అని అదనపు ప్రీమియంతో దొరికే దానితో తప్ప ఇవి రావు. లిస్టు 2, 3, 4 అలా కాదు. అవి వరుసగా రూము ఛార్జీలో, ఆపరేషన్ ఛార్జీలో, చికిత్స ఖర్చులో కలిసిపోయి ఉండాల్సినవి. అంటే ఆ పేరుతో విడిగా బిల్లు వేయడమే సరికాదు. అడ్మిషన్ కిట్, డాక్యుమెంటేషన్ ఛార్జీ, ఫైలు తెరిచిన ఛార్జీ లిస్టు 2లోవి. దూది, గాజుగుడ్డ, సర్జికల్ టేపు లిస్టు 3. రిజిస్ట్రేషన్ ఛార్జీ, యూరిన్ బ్యాగు, ఆల్కహాల్ స్వాబ్ లిస్టు 4. లిస్టు 1 కోత అయితే మనం భరించాలి. మిగతా మూడింటి కోత అయితే అడగాల్సింది కంపెనీని కాదు, ఆసుపత్రిని.

మన కేసులో "ఇతర ఛార్జీలు 3,000" విప్పితే రిజిస్ట్రేషన్ 500, అడ్మిషన్ కిట్ 1,200, డాక్యుమెంటేషన్ 1,300. మూడూ కలిసిపోయి ఉండాల్సినవే. పాలసీ వెనక పేజీల జిరాక్స్ పట్టుకుని కొడుకు ఆసుపత్రి బిల్లింగ్ ఇన్‌చార్జిని కలిశాడు. గొడవేమీ జరగలేదు. నెట్‌వర్క్ ఆసుపత్రి కాబట్టి కంపెనీకి ఫిర్యాదు వెళ్లడం వాళ్లకీ ఇష్టం ఉండదు. మూడు వేలు వెనక్కి ఇచ్చారు. మందుల్లోని 4,800లో 3,700 లిస్టు 1 సరుకే. మిగతా 1,100 దూది, గాజుగుడ్డ, యూరిన్ బ్యాగు, స్వాబులు. వాటికి మాత్రం "ఫార్మసీ వేరేవాళ్లది" అని ఒప్పుకోలేదు. ఆ పదకొండు వందల కోసం మళ్లీ తిరగడం పెద్దాయనకి ఇష్టం లేక వదిలేశారు.

కంపెనీకి రాసిన మెయిల్

48,000 విషయానికి ఫోన్ చేస్తే ఉపయోగం ఉండదు. కాల్ సెంటర్‌లో ఉన్నవాళ్లు లెటర్‌లో ఉన్నదే మళ్లీ చదివి వినిపిస్తారు. రాతపూర్వకంగా కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి పంపాలి. పంపేముందు ఆసుపత్రి నుంచి లెటర్‌హెడ్ మీద బ్రేకప్ తీసుకున్నాం: సర్జరీ ఛార్జీలు 1,30,000లో ఇంప్లాంట్ ఖరీదు 48,000 అని, సంతకం, సీలుతో. కంపెనీకి ఈ కాగితం ఒక్కటి చాలు. ఇది లేకుండా ఇన్వాయిసు మాత్రమే పంపితే, అది బిల్లులో ఎక్కడ కలిసి ఉందో రుజువు కాదు.

మెయిల్‌లో రాసిన విషయం ఇంతే: "క్లెయిమ్ నంబరు ఫలానా. సర్జరీ ఛార్జీలు 1,30,000 మీద 52,000 దామాషా కోత వేశారు. ఆ మొత్తంలో ఇంప్లాంట్ ఖరీదు 48,000 ఉంది. మా పాలసీలోని అసోసియేటెడ్ మెడికల్ ఎక్స్‌పెన్సెస్ నిర్వచనం ప్రకారం ఇంప్లాంట్ ఖరీదు మీద ఈ కోత వర్తించదు. కోత 32,800కి సవరించి, కో-పే పోను రావాల్సిన 15,360 చెల్లించగలరు. ఒప్పుకోకపోతే ఏ నిబంధన ప్రకారమో తెలపగలరు." జతగా ఆసుపత్రి బ్రేకప్, ఇన్వాయిసు, స్టిక్కర్ ఉన్న పేజీ, నిర్వచనం ఉన్న పాలసీ పేజీ పెట్టాం.

ఆ చివరి వాక్యం ఊరికే రాయలేదు. క్లెయిమును పూర్తిగా గాని, కొంత గాని తిరస్కరిస్తే పాలసీలోని ఏ షరతు ప్రకారమో చెప్పాలని 2024 మే నెలలో వచ్చిన ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్‌లో ఉంది. కోపం, టెన్షన్, నాన్నగారి పరిస్థితి, ఎన్నేళ్ల నుంచి ప్రీమియం కడుతున్నామో, ఇవేవీ మెయిల్‌లో పెట్టొద్దని కొడుక్కి చెప్పాను. అవి రాస్తే చదివేవాళ్లు వాటికే జవాబిచ్చి సరిపెడతారు. ఒక లైను, ఒక నిర్వచనం, ఒక అంకె చాలు.

నెల తిరక్కముందే జవాబు వచ్చింది. క్యాన్సిల్డ్ చెక్కు, ఆసుపత్రికి కట్టిన డబ్బు రసీదు అడిగి, 15,360 పెద్దాయన ఖాతాలో వేశారు. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, తర్వాత మెట్టు బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్. మన ఆంధ్రప్రదేశ్‌కి హైదరాబాద్ కార్యాలయమే. పక్కనే ఉన్న యానాం కూడా దాని కిందికే వస్తుంది. ఫీజు ఉండదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. ఈ కేసులో ఆ అవసరం రాలేదు.

చివరికి పడిన ఖర్చు

కుటుంబం కట్టిన 98,240లో 15,360 కంపెనీ నుంచి, 3,000 ఆసుపత్రి నుంచి వెనక్కి వచ్చాయి. నికరంగా పడింది 79,880.

టారిఫ్ షీటు చేతిలో ఉంది కాబట్టి ఇంకో లెక్క కూడా వేసి చూపించాను. అదే ఆసుపత్రిలో 3,000 రూములో ఉండి ఉంటే బిల్లు 1,84,000 అయ్యేది. రూము కోత లేదు, దామాషా కోత లేదు. నాన్-పేయబుల్స్ 7,800 పోగా అంగీకరించేది 1,76,200. కో-పే 35,240. కంపెనీ ఇచ్చేది 1,40,960. ఇంటివాళ్లకి పడేది 43,040. ఆసుపత్రి వెనక్కిచ్చిన మూడు వేలు తీసేస్తే 40,040. పదివేలు ఎక్కువ అనుకుని తీసుకున్న ఏసీ రూము ఖరీదు చివరికి 39,840 తేలింది.

పెద్దాయన ఆ అంకె రెండుసార్లు చదివించుకున్నారు. రెన్యువల్ దగ్గరపడుతోంది. ఆయన వయసుకి కో-పే తీయించుకోవడం ఆ పాలసీలో కుదరదు. రూము పరిమితి తీసేసే ఆప్షన్ మాత్రం ఉంది, ప్రీమియం కొంచెం పెరుగుతుంది. ఆ కొటేషన్ తెప్పించమన్నారు. కొడుకు అదే ఫారంలో తన పాలసీ నంబరు కూడా రాయించాడు. తన పాలసీలో రూము పరిమితి ఎంతో అప్పటిదాకా అతనూ చూసుకోలేదు.